ఇరవై వేల బడ్జెట్‌లో చదువుకు ల్యాప్‌టాప్: ఎస్ఎస్‌డీ మేలా, హార్డ్ డిస్క్ మేలా?

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌ల షాపుకి వెళ్లి ఇరవై వేల లోపు చూపించమంటే రెండు రకాలు బయటికి తీస్తారు. ఒకటి 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్నది, రెండోది 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నది. నాలుగు రెట్లు చోటున్నది తక్కువ ధరకే వస్తుంటే ఎస్ఎస్‌డీకి ఎక్కువెందుకు పెట్టాలని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయినా చదువుకునే పిల్లలకు ఎస్ఎస్‌డీ ఉన్నదే కొనమంటాను.

హార్డ్ డిస్క్ లోపల పళ్లెం లాంటి డిస్కు తిరుగుతూ ఉంటుంది, దాని మీద ఒక చిన్న చేయి అటూ ఇటూ కదిలి డేటా చదువుతుంది. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా వచ్చే డిస్కు నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు. చేయి సరైన చోటికి జరగడం, డేటా ఉన్న భాగం దాని కిందికి రావడం, రెండూ కలిపితే ఒక్కో ఫైలును చేరడానికి సుమారు 15 మిల్లీసెకన్లు పడుతుంది. వినడానికి చిన్నదే. కానీ విండోస్ ఆన్ అయ్యేటప్పుడు, క్రోమ్ తెరిచేటప్పుడు, అప్‌డేట్ ఎక్కేటప్పుడు చదవాల్సినవి వేల కొద్దీ చిన్న ముక్కలు, అవీ చెల్లాచెదురుగా ఉంటాయి. వంద వీధులకు ఒక్కడే పోస్ట్‌మ్యాన్ తిరిగినట్టు ఉంటుంది ఆ చేయి పని. పది వేల ముక్కలకు 150 సెకన్లు, అంటే రెండున్నర నిమిషాలు. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ కదిలేదీ లేదు. ఒక్కో ముక్కకు 0.1 మిల్లీసెకను వేసుకున్నా మొత్తం ఒక్క సెకను.

ఒకే పెద్ద సినిమా ఫైలు కాపీ చేసినప్పుడు మాత్రం తేడా ఇంత ఉండదు. హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ దాకా లాగుతుంది, మామూలు సాటా ఎస్ఎస్‌డీ 500 దాకా. షాపువాళ్లు చూపించే ఆ ఐదు రెట్ల కన్నా, చిన్న ముక్కల దగ్గర వచ్చే వంద రెట్ల పైచిలుకు తేడాయే రోజూ మనకు తగిలేది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. కొత్తగా విండోస్ వేసిన హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్ షాపులో చురుగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంటికి తెచ్చి వైఫై కలిపాక అప్‌డేట్లు, యాంటీవైరస్ స్కాన్ మొదలవుతాయి, అప్పుడు అసలు రంగు బయటపడుతుంది. అందుకే షాపులోనే పూర్తిగా రీస్టార్ట్ చేయించండి. మొబైల్ హాట్‌స్పాట్ ఇచ్చి, `Ctrl+Shift+Esc` నొక్కి Task Manager తెరవండి. అందులో Disk అన్న కాలమ్ చూడండి. ఏమీ తెరవకుండానే పది నిమిషాలైనా అది 100% దగ్గరే నిలబడి ఉంటే, ఇంట్లోనూ ఆ టెన్షన్ తప్పదు. ర్యామ్ 4 జీబీయే అయితే ఇంకా కష్టం. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కునే ర్యామ్‌గా వాడుకుంటుంది, నిదానమైన డిస్కు మీద ఆ భారం కూడా పడుతుంది.

మా పక్కింటి అబ్బాయి బొబ్బిలి నుంచి విజయనగరం కాలేజీకి రోజూ బస్సులో వెళ్తాడు. వాళ్ల నాన్న ఇరవై వేలు దాటొద్దన్నారు. ఆ ధరలో దొరికిన రెండు ల్యాప్‌టాప్‌లూ ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. 1 టీబీ హార్డ్ డిస్క్‌ది పదిహేడు వేలు, 256 జీబీ ఎస్ఎస్‌డీది పంతొమ్మిదిన్నర. ఎనిమిదో తరమే ఎందుకంటే, అంతకు ముందు తరాలవి దాదాపు ఏవీ విండోస్ 11కు అర్హమైనవి కావు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది.

"256 సరిపోతుందా బాబూ?" అని వాళ్ల నాన్న అడిగితే, కూర్చుని లెక్క వేశాం. 256 జీబీ అన్నది విండోస్‌లో 238గా కనిపిస్తుంది. విండోస్‌కు, దాని అప్‌డేట్లకు నలభై పక్కన పెట్టాం. ఆఫీస్, కోడింగ్ సాఫ్ట్‌వేర్లకు ఇరవై. మూడో ఏడాదిలో ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్‌తో సహా వేస్తాడేమోనని ఇంకో ముప్పై. నోట్స్, పీడీఎఫ్‌లు, రికార్డులు నాలుగేళ్లకూ కలిపి ఇరవై దాటవు. ఇంకా సగం పైనే ఖాళీ. వీడియో ఎడిటింగ్ చేసే పిల్లలకు ఈ లెక్క నడవదు, వాళ్లకు 512 కావాలి. 128 జీబీది మాత్రం ఎవరికీ చెప్పను. రెండో ఏడాదికే డిస్కు నిండిపోయిందని ఎర్ర గీత వచ్చేస్తుంది.

ఈ రెండింటికీ మధ్య మూడో దారి ఉంది. పదిహేడు వేలదే కొని, హార్డ్ డిస్క్ తీసేసి ఆ స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పెట్టించుకోవడం. పాత డిస్కును యూఎస్‌బీ కేసింగ్‌లో వేస్తే ఎక్స్‌టర్నల్ డిస్క్ అవుతుంది. విండోస్ డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది కాబట్టి అదే ఎడిషన్ మళ్లీ వేస్తే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. ఆ రోజు అడిగితే ఎస్ఎస్‌డీ, కేసింగ్, బిగించే కూలీ కలిపి రెండున్నర వేల తేడా కన్నా ఎక్కువే అయింది. అతనికి 1 టీబీ నింపేంత సరుకూ లేదు. ఎస్ఎస్‌డీదే తీసుకున్నాడు. ఎస్ఎస్‌డీ రేట్లు నిలకడగా ఉండవు, మీరు కొనే రోజున ఈ లెక్క మళ్లీ వేసుకోండి. ఇంట్లో ఇప్పటికే హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్ ఉంటే మాత్రం వేరే ఆలోచన వద్దు, డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టించండి.

రోజూ బస్సు ప్రయాణం ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. డిస్కు తిరుగుతుండగా కుదుపు తగిలితే చేయి పళ్లేనికి తాకి గీతలు పడొచ్చు. మూత వేసి వెంటనే బ్యాగులో పెట్టి బస్సు కోసం పరిగెత్తే పిల్లలకు ఈ ప్రమాదం నిజమైనదే. ఎస్ఎస్‌డీకి ఆ భయం లేదు.

హార్డ్ డిస్క్‌కు ఉన్న ఒక మంచి గుణం కూడా చెప్పాలి. పోయే ముందు అది చాలాసార్లు సూచన ఇస్తుంది. టక్ టక్‌మని శబ్దం వస్తుంది, ఫైళ్లు తెరుచుకోవడానికి మొరాయిస్తాయి. ఆ దశలో ఆపేస్తే డేటా వెనక్కి తెచ్చుకునే అవకాశం ఉంటుంది. ఎస్ఎస్‌డీ నిన్న పనిచేసి ఇవాళ అసలు కనిపించకపోవచ్చు. పొరపాటున డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసిన ఫైలు దానిలోంచి తిరిగి రావడం దాదాపు అసాధ్యం. ప్రాజెక్ట్ ఫైళ్లు గూగుల్ డ్రైవ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇంకో కాపీ ఉండాలి.

సెకండ్ హ్యాండ్‌లో ఏది కొన్నా డబ్బు ఇచ్చే ముందు CrystalDiskInfo అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూడండి. హార్డ్ డిస్క్ అయితే Reallocated Sectors Count, Current Pending Sector Count దగ్గర కుడివైపు Raw Values సున్నాలే ఉండాలి. ఎస్ఎస్‌డీ అయితే Health Status పక్కన శాతం కనిపిస్తుంది, అది 90కి బాగా కిందుంటే వేరేది వేసి ఇమ్మనండి. `dfrgui` అని రన్‌లో కొడితే Media type కింద Solid state drive అని ఉందో Hard disk drive అని ఉందో తెలుస్తుంది. కొత్తవాటిలో బాగా చవగ్గా, 64 జీబీతో వచ్చేవాటిలో తరచుగా ఈఎంఎంసీ అనే స్టోరేజీ ఉంటుంది. అది మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత మార్చలేరు. "అది కూడా ఎస్ఎస్‌డీ లాంటిదేనండి" అని షాపులో చెప్పినా తీసుకోకండి.