జాగ్రత్త: "ఇంటికి రాగానే గుర్తుచేస్తాం" అనే యాప్‌లకు ఏడాది చందా కట్టే ముందు ఇది చదవండి

ఇంటికి చేరగానే "మోటారు వెయ్యాలి" అని గుర్తుచేస్తుంది, గ్యాస్ బుకింగ్ మెసేజ్ వస్తే దానంతట అదే చేయాల్సిన పనుల్లో రాసుకుంటుంది, ఒక్కసారి సెట్ చేస్తే ఇక ముట్టుకోనక్కర్లేదు. ఈ మాటలు చెప్పి ఏడాది చందాకో "లైఫ్‌టైమ్" ధరకో అమ్మే ఆటోమేషన్ యాప్‌లు ఇప్పుడు చాలా తిరుగుతున్నాయి. గూగుల్ కీప్‌లో స్థలాన్ని బట్టి మోగే రిమైండర్లు తీసేశాక ఆండ్రాయిడ్ వాడేవాళ్లు ఇలాంటివాటిని వెతుక్కోక తప్పడం లేదు. అలా వెతికి ఒక యాప్ కొన్నవాళ్లకు ఎదురైన ఇబ్బందే ఈ పోస్టుకు కారణం. పేరు రాయడం లేదు. ఒక్క పేరు చెబితే మిగతావన్నీ మంచివే అనుకునే ప్రమాదం ఉంది, ఇదే తీరు వేరే పేర్లతోనూ నడుస్తోంది.

ఫిర్యాదు ఎక్కువగా ఒకే రకంగా ఉంటుంది. సెట్ చేసిన రోజు చక్కగా మోగుతుంది, డబ్బు కట్టాక రెండు మూడు రోజులకు మూగబోతుంది. సెట్ చేసేటప్పుడు యాప్ కళ్ల ముందే తెరిచి ఉంటుంది కాబట్టి అన్నీ పనిచేస్తాయి. అమ్మేవాళ్లు చూపించే వీడియోలో కూడా అంతే. అసలు పరీక్ష ఫోను జేబులో ఉండి, స్క్రీను ఆరిపోయి, ఆ యాప్‌ని రోజుల తరబడి ఎవరూ తెరవనప్పుడు మొదలవుతుంది. షావోమీ, వివో, ఒప్పో లాంటి ఫోన్లు వాడని యాప్‌లను బ్యాటరీ కోసం గట్టిగా ఆపేస్తాయి. పైగా కొన్ని నెలలు తెరవకపోతే ఆండ్రాయిడే ఆ యాప్‌కి ఇచ్చిన అనుమతులు వెనక్కి తీసుకుంటుంది. ఆటోమేషన్ యాప్ అంటేనే ఎవరూ తెరవని యాప్, అందుకే దెబ్బ ముందు దానికే తగులుతుంది.

కాబట్టి ఏ యాప్ అయినా డబ్బు కట్టకముందే నాలుగు సెట్టింగులు సరిచేసి చూడండి. లొకేషన్ అనుమతి `Allow all the time` అయి ఉండాలి, `While using the app` సరిపోదు. బ్యాటరీ వాడకం `Unrestricted` పెట్టాలి. షావోమీలో `Autostart`, కొన్ని ఫోన్లలో `Auto launch` అనే స్విచ్ వేరుగా ఉంటుంది, అది ఆన్ చెయ్యాలి. యాప్ వివరాల పేజీ అడుగున `Pause app activity if unused` లేదా `Manage app if unused` అని కనిపించేదాన్ని ఆఫ్ చెయ్యాలి. ఈ చివరిదాన్ని చాలామంది చూడరు, అమ్మేవాళ్లూ చెప్పరు. ఇవన్నీ చేసినా మోగకపోతే తప్పు మీది కాదు, ఆ యాప్‌ది.

ఇక "ఇంటి గుమ్మంలో అడుగు పెట్టగానే" అనే ప్రకటన సంగతి. ఫోను మన స్థలాన్ని ప్రతి క్షణం చూస్తూ ఉండదు. ఆండ్రాయిడ్ 8 నుంచి వెనక నడిచే యాప్‌లకు గంటకు కొన్నిసార్లే స్థలం తెలుస్తుంది. ఇంటి చుట్టూ గీసిన గిరిలోకి వచ్చినట్టు యాప్‌కి కబురు అందడానికి మామూలుగా రెండు మూడు నిమిషాలు, ఫోను చాలాసేపు కదలకుండా ఉంటే ఆరు నిమిషాల దాకా పట్టవచ్చని గూగుల్ తన డెవలపర్ పత్రాల్లోనే రాసింది. గిరి వ్యాసార్థం కనీసం 100 నుంచి 150 మీటర్లు ఉండాలని కూడా అక్కడే ఉంది. అందుకే "20 మీటర్ల కచ్చితత్వం" అని రాసి అమ్మే యాప్ కనిపిస్తే కొనకండి. 20 మీటర్ల గిరి గీయనిస్తుంది, కానీ అపార్ట్‌మెంట్లో ఫోను చూపించే స్థలమే అంతకంటే ఎక్కువ అటూఇటూ ఊగుతుంది. ఫలితంగా ఒకరోజు మోగదు, మరో రోజు ఇంట్లో కూర్చున్నవాళ్లకే "ఇంటికి వచ్చారు" అని మోగుతుంది.

ఊళ్లలో, చుట్టుపక్కల వైఫైలు లేని చోట్ల గిరి ఇంకా పెద్దది పెట్టాలి. అప్పుడు వీధి చివరి నుంచి బండి మీద వెళ్లిపోతున్నా మోగుతుంది. దానికి మందు "ప్రవేశించగానే" కాకుండా "ప్రవేశించి కొన్ని నిమిషాలు ఉంటే" అనే షరతు. ఈ షరతు పెట్టుకునే వీలు ఇవ్వని యాప్‌కి ఏడాది చందా దండగ.

ఇంట్లో వైఫై ఉంటే స్థలం గొడవ లేకుండా వైఫైకి కనెక్ట్ అవడాన్నే గుర్తుగా పెట్టుకోవడం మేలు. ఒక్క చిక్కుంది: కరెంటు పోయి రౌటర్ ఆగి మళ్లీ వెలిగితే ఫోను మళ్లీ కనెక్ట్ అవుతుంది, అర్ధరాత్రి రెండింటికి "మోటారు వెయ్యాలి" అని మోగుతుంది. కాబట్టి దానికి రెండు షరతులు తోడవ్వాలి. సాయంత్రం 5 నుంచి రాత్రి 9 మధ్య మాత్రమే మోగాలి, రోజుకు ఒక్కసారే మోగాలి. రెండోదాన్ని మాక్రోడ్రాయిడ్ లాంటి యాప్‌లలో ఒక వేరియబుల్‌తో చేస్తారు: మోగిన వెంటనే దానికి "అయింది" అని గుర్తు పెట్టడం, తెల్లవారుజామున ఇంకో చిన్న మాక్రోతో, అంటే "ఇది జరిగితే అది చెయ్యి" అనే ఆదేశంతో, ఆ గుర్తు చెరిపెయ్యడం. మాక్రోడ్రాయిడ్ ఉచిత రకంలో ఐదు మాక్రోల దాకా పెట్టుకోవచ్చు, ఈ పనికి రెండే చాలు. వైఫై పేరు చదవడానికీ లొకేషన్ అనుమతి కావాలి, ఫోనులో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. అది ఆపేసి "వైఫై పెట్టినా పనిచెయ్యలేదు" అనేవాళ్లు చాలామంది.

మెసేజ్ వస్తే పని రాసుకోవడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ పోయేది చందా డబ్బు ఒక్కటే కాదు. గ్యాస్ సిలిండర్ ఉదాహరణే తీసుకుందాం. డెలివరీకి ముందు కోడ్ ఉన్న ఎస్సెమ్మెస్ వస్తుంది, ఆ కోడ్ ఇంట్లో ఉన్నవాళ్లకు చెప్పాలి. ఆ మెసేజ్ రాగానే ఫోను మనకు గుర్తుచెయ్యాలి. పని చిన్నదే, కానీ రెడీమేడ్ యాప్‌లు మూడు చోట్ల తప్పుతాయి.

మొదటిది పంపినవారి పేరు. మన దేశంలో కంపెనీల మెసేజ్‌లు `AD-ABCDEF-S` లాంటి రూపంలో వస్తాయి. మొదటి అక్షరం మెసేజ్ పంపిన టెలికాం సంస్థది, రెండోది సర్కిల్‌ది, మధ్యలో ఉన్నదే అసలు పేరు, 2025 నుంచి చివర `-P`, `-S`, `-T`, `-G` అనే తోకలు చేరాయి. అదే కంపెనీ ఈ నెల `AD` తోనూ వచ్చే నెల `JD` తోనూ పంపవచ్చు. యాప్‌లో పంపినవారి పేరు మొత్తం అచ్చు అలాగే ఉండాలని పెడితే తర్వాతి నెల మోగదు. మధ్య ఆరు అక్షరాలు ఉంటే చాలని, అంటే `Contains` అని పెట్టుకునే వీలు ఉందో లేదో చూడండి. మొదట్లో చెప్పిన, కొని ఇబ్బందిపడ్డ ఆ యాప్‌లో అది లేదు, అచ్చు సరిపోలికే ఉంది. సపోర్టుకి రాస్తే "మీ ఆపరేటర్ సమస్య" అని జవాబు వచ్చింది. అది ఆపరేటర్ సమస్య కాదు, మన దగ్గర మెసేజ్‌లు వచ్చే తీరే అంత.

రెండోది, యాప్ మెసేజ్‌ని ఎక్కడ చదువుతుందన్నది. కొన్ని యాప్‌లు ఎస్సెమ్మెస్ అనుమతి తీసుకోకుండా పైన కనిపించే నోటిఫికేషన్ చదువుతాయి. ఆండ్రాయిడ్ 15 నుంచి ఓటీపీలా కనిపించే మెసేజ్‌ని నోటిఫికేషన్ చదివే యాప్‌లకు ఫోను చూపించదు. అప్పుడు పనుల జాబితాలో సిలిండర్ కోడ్ బదులు `Sensitive notification content hidden` అని పడుతుంది. అలా కనిపిస్తే యాప్ చదివేది నోటిఫికేషనే అని తేలిపోయినట్టే. ఎంత చందా కట్టినా కోడ్ ఉన్న మెసేజ్‌లకు ఆ దారి పనికిరాదు.

మూడోది అన్నిటికంటే ప్రమాదం. "గూగుల్ ఎస్సెమ్మెస్ అనుమతి ఇవ్వదు, అందుకే ప్లే స్టోర్‌లో పూర్తి వెర్షన్ లేదు, ఈ ఏపీకే పెట్టుకోండి" అని వాట్సాప్‌లో యాప్ ఫైలు పంపుతారు. ఆ మాటలో సగమే నిజం. ప్లే స్టోర్ 2019 నుంచి ఎస్సెమ్మెస్ అనుమతిని కట్టడి చేసిన మాట వాస్తవమే, కానీ ఆటోమేషన్ యాప్‌లు దరఖాస్తు చేసి మినహాయింపు పొందే వీలు ఆ నియమాల్లోనే ఉంది. ఏపీకే పెట్టాక అడుగడుగునా ఫోనే హెచ్చరిస్తుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి, బయటి నుంచి పెట్టిన యాప్‌కి నోటిఫికేషన్, యాక్సెసిబిలిటీ అనుమతులు ఇవ్వబోతే `Restricted setting` అని అడ్డుపడుతుంది. అమ్మేవాళ్లు అప్పుడు యాప్ వివరాల్లో మూడు చుక్కలు నొక్కి `Allow restricted settings` ఎంచుకోమంటారు, ప్రమాదకరమైన యాప్‌లను పట్టుకునే ప్లే ప్రొటెక్ట్ ఆపేయమంటారు. అక్కడితో ఆగిపోండి. ఎస్సెమ్మెస్ చదివే అనుమతీ యాక్సెసిబిలిటీ అనుమతీ రెండూ చేతికి వస్తే, ఆ యాప్ మీ బ్యాంకు ఓటీపీ చదవగలదు, మీ బదులు స్క్రీను మీద నొక్కగలదు. గ్యాస్ మెసేజ్ గుర్తుచెయ్యడానికి యాక్సెసిబిలిటీతో పనే లేదు.

ఐఫోన్ వాళ్లు దీనికోసం ఏదీ కొననక్కర్లేదు. రిమైండర్స్ యాప్‌లోనే ఇంటికి చేరినప్పుడు మోగే వీలుంది. షార్ట్‌కట్స్ యాప్‌లో ఆటోమేషన్ ట్యాబ్‌కి వెళితే `Arrive`, `Message` రెండూ ఉంటాయి. మెసేజ్‌లో ఫలానా మాట ఉంటే అని పెట్టి, చేయాల్సిన పనిగా `Add New Reminder` ఎంచుకుని, `Run Immediately` నొక్కాలి. అది నొక్కకపోతే ప్రతిసారీ ముందు మిమ్మల్ని అడుగుతుంది.

ఆండ్రాయిడ్‌లో కొనక తప్పదనుకుంటే ఉచిత ట్రయల్‌లోనే ఇలా పరీక్షించండి. రాత్రి ఫోను రీస్టార్ట్ చేసి, యాప్ తెరవకుండా వదిలెయ్యండి. మర్నాడు అర కిలోమీటరు దూరం వెళ్లి, అక్కడ పావుగంట ఉండి, స్క్రీను ఆర్పేసి ఇంటికి రండి. పది నిమిషాల్లో మోగాలి. రీస్టార్ట్ అయితే ఫోనులో నమోదైన గిరులన్నీ చెరిగిపోతాయి, యాప్ వాటిని తిరిగి నమోదు చేసుకోవాలి. నాసిరకం యాప్‌లు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి.

ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే, యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోర్‌లో మీ ఫొటో నొక్కి `Payments & subscriptions`, ఆ తర్వాత `Subscriptions` లోకి వెళ్లి రద్దు చెయ్యాలి. కొన్న 48 గంటల్లోపైతే రీఫండ్ గూగుల్‌నే అడగండి, ఆ తర్వాత డెవలపర్‌ని అడగాల్సి వస్తుంది. యూపీఐ ఆటోపేతో నేరుగా కట్టి ఉంటే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి ఆ మ్యాండేట్ రద్దు చెయ్యండి. అలా కట్టిన డబ్బుకి గూగుల్‌తో సంబంధం ఉండదు. అమ్మినవాళ్లు పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చెయ్యొచ్చు.

ఏపీకే పెట్టి ఎస్సెమ్మెస్, యాక్సెసిబిలిటీ అనుమతులు ఇచ్చేసినవాళ్లు రీఫండ్ సంగతి తర్వాత చూసుకోండి. ముందు మొబైల్ డేటా, వైఫై ఆపండి. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ, నోటిఫికేషన్ అనుమతులు తీసెయ్యండి. డివైస్ అడ్మిన్ జాబితాలో ఆ యాప్ ఉంటే అక్కడా తీసి, ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. బ్యాంకు పాస్‌వర్డులు, యూపీఐ పిన్ మార్చేది వేరే ఫోను నుంచే. ఖాతాలో ఒక్క రూపాయి తేడా కనిపించినా అదే గంటలో 1930కి ఫోన్ చేసి, మీ బ్యాంకుకీ చెప్పండి.