మొదటి బాణాలకు ఏ కాడ మేలు: చెక్కా, అల్యూమినియమా, కార్బనా?

చెక్క కాడలు అందంగా ఉంటాయి. కానీ ఒక్కోటి ఒక్కోలా వంగుతుంది, తేమకు వంకర తిరుగుతుంది. గురి తప్పితే లోపం మీదో బాణానిదో తెలియదు. కొసల్లో కప్పీలుండే కాంపౌండ్ విల్లుకైతే అసలు వాడకూడదు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. అల్యూమినియం కాడలు అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి, సాధారణంగా కార్బన్ కన్నా చవక. గట్టి దెబ్బకు వంగుతాయి, అయితే ఆ వంకర దాగదు: ఈకలు అంచు బయట ఉండేలా బల్ల మీద దొర్లిస్తే కాడ ఎగిరెగిరి పడుతుంది.

కార్బన్ వంగి ఉండిపోదు, ఎక్కువ కాలం వస్తుంది. కానీ పగులు కంటికి కనిపించకపోవచ్చు. అలాంటి బాణం వదిలేటప్పుడు చీలి చేతిలో గుచ్చుకోవచ్చు. దెబ్బ తగిలిన ప్రతిసారీ కాడను కాస్త వంచి, తిప్పుతూ వినండి. చిటపటమంటే ఇక వాడొద్దు.

మొదటి నెలల్లో నేనైతే అల్యూమినియమే కొనమంటాను. విల్లు బలం పెంచుకుంటూ పోయేకొద్దీ ఇంకా గట్టి కాడలు కావాలి, ఖరీదైన సెట్ అప్పటికే కొని ఉంటే వృథా అవుతుంది.