ఫ్రంట్ ఆఫీసుకు ఏ రెజ్యూమే?

ముగ్గురు డాక్టర్లున్న క్లినిక్‌లో ఫ్రంట్ ఆఫీసు ఖాళీకి రెండు రెజ్యూమేలు వచ్చాయనుకుందాం.

మొదటిదానిలో ఆరేళ్ల అనుభవం, ‘ఎంఎస్ ఆఫీస్, షెడ్యూలింగ్ బాగా వచ్చు’ అన్న మాట ఉన్నాయి. ఎవరి అపాయింట్‌మెంట్లు చూశారో, రోజుకు ఎన్నో లేదు. పైగా పాత ఉద్యోగం 2023 జూన్‌లో ముగిసిందని, కొత్తది అదే ఏడాది మార్చిలో మొదలైందని రాశారు. రెండూ కలిపి చేశారేమో, అడగాలి. పొరపాటే అయితే పేషెంటు ఫోన్ నంబరులోనూ అంకె తప్పుతుందన్న భయం నాకుంటుంది.

రెండోదానిలో అనుభవం రెండేళ్లే. కానీ ఇద్దరు మేనేజర్ల అవుట్‌లుక్ క్యాలెండర్లు చూశానని, ఒకే సమయానికి రెండు మీటింగులు పడితే ఇద్దరితో మాట్లాడి మార్చానని, నెలనెలా బిల్లులను ఎక్సెల్‌లో రశీదులతో సరిచూశానని ఉంది. కౌంటర్‌లో జనంతో మాట్లాడిన అనుభవం మాత్రం కనబడదు.

నేనైతే ముందు రెండో అభ్యర్థినే పిలిచి, 20 పేర్లు, నంబర్లు ఎక్సెల్‌లో ఎక్కించమని ఇచ్చి తప్పులు చూస్తాను.