25 శాతం తగ్గింపు అని కాంబో ప్యాక్ కొనేముందు ఈ లెక్క చూడండి

నిన్న కొన్నాను, ఇవాళ లెక్క వేసుకుని నాలుక కరుచుకున్నాను. మీరైనా జాగ్రత్తపడండి.

ఒకే కంపెనీవి రెండు సాఫ్ట్‌వేర్లు: ఫోటో ఎడిటర్, వీడియో ఎడిటర్. మొన్నటిదాకా విడివిడిగా ఫోటోది 500, వీడియోది 400. ఇప్పుడు పేజీ తెరిస్తే ఫోటో 850, వీడియో 750. మొత్తం 1600ని కొట్టేసి, కింద ఎర్రక్షరాల్లో "రెండూ కలిపి 1200, 25 శాతం ఆదా" అని ఉంది. ఫోటో ఒక్కటే 850 అయినప్పుడు ఇంకో 350కి వీడియో కూడా వస్తోంది కదా అని నొక్కేశాను.

నాకు ఫోటోల పిచ్చి. ఆ ఎడిటర్‌కి గట్టిగా అడిగితే 800 దాకా పెడతాను, వీడియోదానికి 400 మించి పెట్టను. నా స్నేహితుడు దీనికి తలకిందులు: వీడియోకి 700, ఫోటోకి 500. పాత ధరల్లో ఇద్దరం రెండూ కొనేవాళ్లం. తలా 900 పోయేది, తలా 300 మిగిలేది. కంపెనీకి వచ్చేది 1800.

ఇప్పుడు కూడికలు చూడండి. నాకు 800+400, వాడికి 500+700. ఇద్దరికీ సరిగ్గా 1200! విడిగా చూస్తే మా ఇద్దరి ఇష్టాలు వేరు కాబట్టి, ఇద్దరికీ అమ్మాలంటే కంపెనీ ఒక్కోదాని ధర తగ్గించక తప్పేది కాదు. రెండూ కలిపి కట్టేసరికి ఆ తేడా చెరిగిపోయింది. 1200 పెడితే ఇద్దరి దగ్గరా ఆఖరి పైసా దాకా వస్తుంది. కంపెనీకి 2400, మాకు మిగిలింది సున్నా. కొత్తగా మాకొచ్చిన వస్తువేమీ లేదు, మా 600 అటు వెళ్లాయంతే.

ఇష్టాలు ఇలా ఎదురెదురుగా ఉంటేనే ఈ ఎత్తు పారుతుంది. అవే అంకెలు మార్చి చూడండి: ఒకరికి 800, 700, ఇంకొకరికి 500, 400 అనుకుంటే కూడికలు 1500, 900. ప్యాక్ 900కి పెడితే ఇద్దరూ కొంటారు, పాత 1800 వస్తాయి. 1500కి పెడితే ఒక్కరే కొంటారు. ప్యాక్ కట్టి లాభమే లేదు. పైగా ఇది సాఫ్ట్‌వేర్, ఇంకో కాపీ ఇవ్వడానికి ఖర్చు దాదాపు ఉండదు. తయారీ ఖర్చు ఎక్కువున్న వస్తువును పెద్దగా అక్కర్లేనివాడికి అంటగడితే అమ్మేవాడికే చేతిచమురు వదులుతుంది. (కొత్త విద్యేం కాదు. టీవీ స్టేషన్లకు సినిమాలను గుత్తగా అంటగట్టడం మీద ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1963లోనే ఈ తరహా లెక్క చూపించాడు.)

నేను పడ్డ గుంట ఆ 350. 850కి ఫోటో ఎడిటర్ నేనెలాగూ కొనను, నా హద్దే 800. కొనని ధరతో పోల్చుకుని చవక అనుకున్నాను. ఆ 850, 750 అమ్మడానికి పెట్టినవి కావు, 1200ని చిన్నగా చూపించడానికి పెట్టినవి. ప్యాక్ వచ్చిన రోజే విడి ధరలు పెరిగాయంటే అనుమానించండి. పేజీ తెరవకముందే ఒక్కోదానికి మీరు ఎంత దాకా పెడతారో కాగితం మీద రాసి, ఆ రెండు అంకెలు కూడి, ప్యాక్ ధరతో పోల్చండి. కొట్టేసిన అంకె వైపు చూడకండి. నా కూడిక 1200, ధర 1200. రద్దు చేసుకోవడానికి ఇంకా 6 రోజులుంది, విడి ధరలు దిగుతాయేమోనని చూస్తున్నాను.