నంబరు తెరిస్తే చాలు, లెక్క తగ్గిపోతుంది: మ్యాట్రిమోనీ ప్రీమియం ప్లాన్లు ఏడాది వాడాక

మా అమ్మాయికి సంబంధాలు చూడటం మొదలుపెట్టి ఏడాది దాటింది. ఈలోగా ఒకే మ్యాట్రిమోనీ సైటులో మూడు స్థాయిల ప్లాన్లూ వాడాను. ప్రొఫైల్ ఎలా తెరవాలి, ఫొటోలు ఎలా పెట్టాలి అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. నా కోపమంతా ఒక్కదాని మీదే: ఫోన్ నంబర్లకు పెట్టిన పరిమితి, ఆ లెక్క తగ్గే తీరు.

డబ్బు కట్టకపోయినా ఈ సంబంధం నచ్చిందని తెలిపే ఇంట్రెస్ట్ పంపవచ్చు, అవతలివాళ్ల వివరాలు చదవవచ్చు. నంబరు మాత్రం కనిపించదు. ప్రీమియం తీసుకోగానే ఇన్ని నంబర్లు చూడవచ్చని ఒక లెక్క ఇస్తారు. ధరలు తగ్గింపుల పేరుతో తరచూ మారుతుంటాయి కనుక ఉదాహరణకు మూడు నెలల ప్లాన్ 5,000 రూపాయలు, 60 నంబర్లు అనుకుందాం. 18 శాతం జీఎస్టీ కలిపితే 5,900 అవుతుంది. అంటే నంబరుకు సుమారు 98 రూపాయలు. వాటిలో సగం పనికిరాకుండా పోతే, పనికొచ్చిన ఒక్కో నంబరుకు 197 రూపాయలు పెట్టినట్టే. ప్లాన్లను పోల్చేటప్పుడు మొత్తం ధరను కాకుండా ఈ రెండో అంకెను చూడాలి.

సగం ఎందుకు పోతాయంటారా? ఒక రోజు అబ్బాయి చదువు, ఉద్యోగం, నక్షత్రం అన్నీ కుదిరిన ప్రొఫైల్ కనిపించింది. నంబరు తెరిచాను, లెక్కలో ఒకటి తగ్గింది. ఫోన్ చేస్తే అబ్బాయి తండ్రి తీశారు. “మావాడికి కుదిరిపోయిందండీ, తాంబూలాలు కూడా పుచ్చుకున్నాం. ఆ సైటులో పెట్టిన సంగతే మరిచిపోయాం” అన్నారు ఎంతో మర్యాదగా. ఆయన తప్పేమీ లేదు. పెళ్లి పనుల్లో పడ్డవాళ్లకు ప్రొఫైల్ తీసేయాలన్న ధ్యాస ఎక్కడ ఉంటుంది?

నేను కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ఆ ఒక్క నంబరు లెక్కలో తిరిగి వేయమన్నాను. అటువైపు అమ్మాయి ఓపికగా నిబంధన చెప్పింది: “నంబరు పనిచేయకపోతే, లేదా వేరేవాళ్లదైతే తిరిగి కలుపుతాం సార్. ఇది పనిచేస్తున్న నంబరే కదా, ఆ కుటుంబానిదే కదా.” సంబంధం కుదిరినవాళ్ల నంబరు నాకెందుకమ్మా అని అడిగితే జవాబు లేదు. కుదిరిపోయిందని నేను చెప్పాక కూడా ఆ ప్రొఫైల్ చాలా రోజులు అలాగే కనిపిస్తూనే ఉంది. నన్ను మండించింది ఇదే. నాలాగే ఇంకెంతమంది తల్లిదండ్రులు దాని మీద ఒక్కో నంబరు ఖర్చు పెట్టుకున్నారో!

అలాంటివి మళ్లీ మళ్లీ తగిలాక ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముందుగా చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యారో చూస్తాను. నెల దాటితే ఎంత మంచి సంబంధమైనా నంబరు తెరవను. లాగిన్ ఈ మధ్యదే అయినా ముందు ఇంట్రెస్ట్ పంపి ఊరుకుంటాను. అటునుంచి అంగీకారం వచ్చాకే నంబరు చూస్తాను. మేము వాడిన సైటులో అంగీకారం వచ్చినా నంబరు చూస్తే లెక్క తగ్గుతుంది, కానీ అప్పుడు ఆ ఖర్చు వృథా కాదు. అవతలివాళ్లు ప్రీమియంలో ఉండి వాళ్లే సందేశం పంపితే, జవాబులోనే నంబర్లు ఇచ్చిపుచ్చుకోవచ్చు. ఒకసారి తెరిచిన నంబరును మళ్లీ చూస్తే లెక్క తగ్గదు, కనుక కాగితం మీద రాసిపెట్టుకోవాల్సిన పని లేదు.

ఇక ఎవరికి ఎంత కనిపిస్తాం అన్న సంగతి. కింది ప్లాన్‌లో అదనంగా కనిపించడమంటూ ఏమీ లేదు, నంబర్లూ చాటింగూ మాత్రమే. మధ్య ప్లాన్‌లో మన ప్రొఫైల్‌కు రంగు గడి కట్టి, వెతికినవాళ్ల జాబితాలో పైకి తెస్తారు. పై ప్లాన్‌లో ఇవన్నీ ఉంటూ, డబ్బు కట్టనివాళ్లకు కూడా మన నంబరు కనిపిస్తుంది.

ఈ చివరిదే నాకు ఊహించని ఆనందం ఇచ్చింది. అంతవరకూ వెతకడం, ఫోన్ చేయడం అంతా మా వైపునుంచే. పై ప్లాన్‌కు మారాక వాళ్లే ఫోన్ చేయడం మొదలైంది. మనకు వచ్చే ఫోన్‌కు మన లెక్కలో ఏమీ తగ్గదు. పైగా డబ్బు పెట్టి వెతకని కుటుంబాల్లోనూ చక్కని సంబంధాలు ఉన్నాయని అప్పుడే తెలిసింది. రెండు చోట్ల పెళ్లిచూపుల దాకా వెళ్లింది కూడా ఇలా వచ్చిన ఫోన్లతోనే.

అయితే ఆ ఫోన్లలో అన్నీ సంబంధాలవి కావు. మ్యారేజ్ బ్యూరోల వాళ్లు, “మా దగ్గర రిజిస్టర్ చేసుకోండి” అనే మధ్యవర్తులు కూడా అదే నంబరు చూసి చేస్తారు. మొదటి వారం గడిచాక వాళ్లవే ఎక్కువయ్యాయి. అమ్మాయి నంబరు ఇచ్చి ఉంటే తనకు ఆఫీసులో ఎంత ఇబ్బంది అయ్యేదో. మేము మొదటినుంచీ నా నంబరే పెట్టాం. ఈ సదుపాయం తీసుకునేవాళ్లు పెద్దవాళ్ల నంబరే పెట్టడం మంచిది, వీలైతే ఇందుకోసమే ఒక సిమ్ తీసుకోండి.

జాబితాలో పైకి తెచ్చే సదుపాయం గురించి మొదట్లో మా బంధువులకు గొప్పగా చెప్పాను. ఇప్పుడైతే కొంచెం తగ్గించి చెబుతాను. వయసు, కులం, చదువు, ఊరు అన్నీ ఎంచి వెతికితే మాలాంటి చిన్న శాఖలో వచ్చేదే రెండు మూడు పేజీలు. అంత చిన్న జాబితాను ఎవరైనా చివరిదాకా చూస్తారు. మొదట ఉన్నా ఇరవయ్యోది అయినా తేడా లేదు. వందల ప్రొఫైళ్లు వచ్చే పెద్ద వర్గాల వారికి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని వెతికించుకునేవారికి రంగు గడి నిజంగా పనికిరావచ్చు. కట్టే ముందు అవతలివాళ్లు ఎలా వెతుకుతారో అలా మీరే ఒకసారి వెతికి, ఎన్ని ప్రొఫైళ్లు వస్తున్నాయో చూడండి.

“ఈ రాత్రికే ఆఖరు” అని తగ్గింపులు చూపిస్తే తొందరపడవద్దు. మాకు ఆ ఆఖరు రాత్రి ప్రతి నెలా వచ్చింది. లేని తొందరను సృష్టించడాన్ని వినియోగదారుల రక్షణ అధికార సంస్థ 2023 మార్గదర్శకాల్లో తప్పుడు పద్ధతుల జాబితాలోనే చేర్చింది. ఆటోపే పెట్టి ఉంటే యూపీఐ యాప్‌లోకి వెళ్లి ముందే రద్దు చేసుకోవాలి. గడువు అయ్యాక మిగిలిన నంబర్లు పోతాయి. గడువులోపే పొడిగించుకుంటే మాకు మిగిలినవి కొత్త ప్లాన్‌లో కలిపారు, ఆ మాట కట్టే ముందే వాళ్లతో రాతలో చెప్పించుకోండి.

మా అమ్మాయి ఉద్యోగం మానదు, అబ్బాయి అదే ఊళ్లో ఉండాలి. మా శాఖ చిన్నది. అందుకని మాకు కింది ప్లాన్ నంబర్లు తొందరగా అయిపోలేదు, పై ప్లాన్‌తో వచ్చిన ఫోన్లే ఉపయోగపడ్డాయి. ఊరి పట్టింపు లేని పెద్ద వర్గం వారికి ఇది తిరగబడవచ్చు. ప్రస్తుతం పై ప్లాన్‌నే మూడు నెలలకు పొడిగించాను. ఏడాదికి ఒకేసారి కట్టమని అడిగారు, కట్టలేదు. కుదిరిన రోజే మా ప్రొఫైల్ తీసేయాలని అమ్మాయికి, వాళ్ల అమ్మకు కూడా చెప్పి ఉంచాను.