డిసెంబర్ 15 కాదు, 25: రెండు యాప్‌లతో మా రెండున్నరేళ్లు

2023 ఏప్రిల్‌లో టెస్ట్ పాజిటివ్ వచ్చిన రోజే మా ఆయన నా ఫోన్‌లో గర్భం యాప్ వేశారు. పాప పుట్టాక ఎదుగుదల చూసే యాప్ ఇంకొకటి వేసుకున్నాం. మొన్న పాపకు రెండేళ్లు నిండేవరకు రెండోది వాడాను. వాటి పేర్లు రాయడం లేదు. ఇలాంటి యాప్ దేన్ని వాడినా పరీక్షించి చూడాల్సింది ఒకటే: మీరిచ్చిన తేదీతో అది ఏం చేస్తుందో.

గర్భం యాప్ ఆఖరి నెలసరి తేదీ అడిగింది. మార్చి 10 అని కొట్టాను. వెంటనే డెలివరీ డేట్ డిసెంబర్ 15 అని చూపించింది. ఆఖరి నెలసరి మొదటి రోజుకు 280 రోజులు కలిపితే వచ్చేది అదే. ఆ లెక్క నెలసరి 28 రోజులకోసారి వచ్చేవాళ్లకు సరిపోతుంది. నాకు 38 రోజులకు వస్తుంది. అంటే అండం విడుదల పది రోజులు ఆలస్యం, కాబట్టి బిడ్డ వయసూ పది రోజులు తక్కువ. సెట్టింగ్స్‌లో ఎన్ని రోజులకు వస్తుందో రాసే చోటు ఉంది. 28 అని ముందే నింపి ఉంటే నేను దాన్ని ముట్టుకోలేదు.

జూన్ 5న యాప్ 12 వారాల 3 రోజులు అంటోంది కదా అని విజయవాడ సూర్యారావుపేటలో ఎన్‌టీ స్కాన్‌కు వెళ్లాం. బిడ్డ మెడ వెనక ఉండే ద్రవాన్ని కొలిచే స్కాన్ అది. బిడ్డ పొడవు తల నుంచి పిరుదుల వరకు 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉన్నప్పుడే ఆ కొలత లెక్కకు వస్తుంది. మా బిడ్డ 41 మిల్లీమీటర్లే ఉంది. పడుకున్న చోటే నాకు చెమటలు పట్టాయి. బిడ్డ ఎదగడం లేదేమో అనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం, "గుండె చక్కగా కొట్టుకుంటోందమ్మా. బిడ్డ చిన్నది కాదు, నీ తేదీయే పెద్దది. ఈ రోజుకు సరిగ్గా 11 వారాలు. వారం పది రోజులాగి రండి" అన్నారు. రిపోర్టులో డెలివరీ డేట్ డిసెంబర్ 25 అని రాశారు.

మొదటి మూడు నెలల్లో బిడ్డలందరూ దాదాపు ఒకే వేగంతో పెరుగుతారు. అందుకే అప్పటి పొడవును బట్టి చెప్పే వయసు నమ్మదగినది. 9 నుంచి 14 వారాల లోపు చేసిన స్కాన్ చెప్పే డెలివరీ డేట్‌కూ నెలసరి లెక్కతో వచ్చే డేట్‌కూ ఏడు రోజులకు మించి తేడా ఉంటే స్కాన్ చెప్పిందే తీసుకోమని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెబుతుంది. మా తేడా పది రోజులు. మంచి యాప్‌లో "స్కాన్ ప్రకారం డెలివరీ డేట్" అని మార్చుకునే చోటు ఉండాలి. నా యాప్‌లో ఉంది, కానీ ప్రొఫైల్ లోపల ఎక్కడో. దాన్ని వెతకడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అయితే ఆ మార్పు ఒక్కసారే చేయాలి. 32 వారాల స్కాన్‌లో బిడ్డ కొలతలు 31 వారాలకు సరిపోతున్నాయని వచ్చింది. నేను మళ్లీ యాప్‌లో తేదీ మార్చబోయాను. డాక్టరమ్మ వద్దన్నారు. ఆ దశలో బిడ్డలు ఎవరి తీరులో వాళ్లు పెరుగుతారు. కొలత తగ్గినప్పుడల్లా తేదీని వెనక్కి జరుపుకుంటూ పోతే, నిజంగా ఎదుగుదల మందగించిన బిడ్డ కూడా యాప్‌లో బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నా యాప్ ప్రతి స్కాన్ తర్వాత "తేదీ అప్‌డేట్ చేస్తారా" అని అడిగేది. అది నిజంగా ప్రమాదకరమైన ప్రశ్న.

ఆ యాప్‌లో నాకు కోపం తెప్పించిన మాట ఇంకొకటి ఉంది. చివరి వారాల్లో చోటు చాలక బిడ్డ కదలికలు తగ్గుతాయని రాశారు. మా అత్తయ్య కూడా అదే అనేవారు. అది నిజం కాదు. కదిలే తీరు మారొచ్చు గానీ కదలికలు తగ్గకూడదు. తగ్గినట్టు అనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. యాప్ వేసుకోగానే ఈ ఒక్క విషయం మీద ఏం రాశారో చదివితే, దాన్ని వైద్యులు చూసి రాశారో లేదో చాలావరకు తెలిసిపోతుంది.

నవంబర్ 20న, గుంటూరులో పుట్టింట్లో ఉండగా ఉమ్మనీరు పోయింది. ఆ రాత్రే పాప పుట్టింది, 2.3 కిలోలు. స్కాన్ తేదీ ప్రకారం సరిగ్గా 35 వారాలు, అంటే అయిదు వారాలు ముందు. పాత తేదీ ఉంచుకుని ఉంటే 36 వారాల 3 రోజులు అనుకునేవాళ్లం.

ఆ తేడా నాలుగు నెలల తర్వాత మళ్లీ ఎదురైంది. 2024 మార్చి 20న పాప బరువు 5.1 కిలోలు. ఎదుగుదల యాప్‌లో కొట్టగానే ఎర్ర రంగులో "3వ పర్సంటైల్" అని వచ్చింది. నూరుమంది ఆడపిల్లల్లో తొంభై ఏడుగురు మా పాప కంటే బరువున్నారని దాని అర్థం. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టమని అమ్మ గొడవ.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఎదుగుదలను పుట్టిన రోజు నుంచి కాక, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కించాలి. రెండేళ్లు వచ్చేవరకు ఇలాగే చేయాలి. డిసెంబర్ 25 నుంచి లెక్కిస్తే పాపకు అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. డబ్ల్యూహెచ్‌ఓ పట్టికలో మూడు నెలల ఆడపిల్లకు 5.1 కిలోలు అంటే 15వ పర్సంటైల్. పిల్లల డాక్టర్ గారు కార్డు తెరిచి, రోజుకు సగటున 23 గ్రాములు పెరిగిందని లెక్క చూపించి, "గీత పైకే వెళ్తోంది కదమ్మా, పాలు సరిపోతున్నాయి" అన్నారు. డబ్బా పాలు కొనలేదు.

యాప్‌లో "ఎన్ని వారాలకు పుట్టింది" అనే ప్రశ్న అసలు ఉందో లేదో మొదటే చూడండి. నా యాప్‌లో ఉంది, నేను ఖాళీగా వదిలేశాను. 35 అని నింపగానే గీత సర్దుకుంది, కానీ టీకాల రిమైండర్లు కూడా అయిదు వారాలు వెనక్కి జరిగాయి! ఆగస్టు 20న వేయించాల్సిన తొమ్మిది నెలల ఎంఆర్ టీకా సెప్టెంబర్ 25కి వెళ్లింది. టీకాలు పుట్టిన తేదీ నుంచి లెక్కించే వేయాలి. ఇది యాప్ తప్పే. అప్పటి నుంచి టీకాల తేదీలు తల్లీ బిడ్డల కార్డులో చూసుకుంటున్నాను.

యాప్ వెనక ఏ పట్టిక ఉందో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. లేని బిడ్డను ఒకరిని సృష్టించండి: ఆడపిల్ల, నెలలు నిండి పుట్టింది, సరిగ్గా 12 నెలలు, 8.9 కిలోలు. డబ్ల్యూహెచ్‌ఓ పట్టిక వాడే యాప్ 50 దగ్గర చూపించాలి. 30 దగ్గరో అంతకంటే కిందో చూపిస్తే అది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ల 2000 నాటి పట్టిక కావచ్చు. డబ్బా పాలు ఎక్కువగా తాగిన పిల్లలూ ఆ లెక్కలో ఉన్నారు. డబ్ల్యూహెచ్‌ఓ 2006లో ఇచ్చిన ప్రమాణాలు తల్లిపాలు తాగిన పిల్లల మీద, మన దేశంతో కలిపి ఆరు దేశాల్లో చేసిన అధ్యయనం నుంచి వచ్చాయి. సీడీసీ కూడా రెండేళ్లలోపు పిల్లలకు డబ్ల్యూహెచ్‌ఓవే వాడమంటుంది. మా చెల్లెలి ఫోన్‌లో ఉన్న యాప్ ఈ పరీక్షలో 27 చూపించింది. వాళ్ల బాబు తల్లిపాలే తాగుతున్నాడు. ఆరు నెలలు దాటినప్పటి నుంచి గీత కిందికి దిగుతోందని టెన్షన్ పడుతోంది. బాబు కార్డు తీసుకుని వచ్చే ఆదివారం రమ్మన్నాను.