రెండేళ్లు వాడాక: మధ్యాహ్నం బంగారం, పొద్దున్నే మొండి

ఈ సోలార్ ఇన్వర్టర్ పెట్టించిన కొత్తలో అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పేవాణ్ణి: "రెండు ఎంపీపీటీలున్నాయి, కళ్లు మూసుకుని తీసుకోండి" అని. ఎంపీపీటీ అంటే తనకు కలిపిన ప్యానెళ్ల నుంచి వీలైనంత ఎక్కువ పవర్ రాబట్టే భాగం. నేనిచ్చిన ఆ సలహా ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, కొంచెం సవరించుకోవాలి. మధ్యాహ్నం పూట దీనికి వంక పెట్టలేం. ఎండ ఎంత కాసినా వేడెక్కి ఆగిపోయిందన్న మాట లేదు, మబ్బు వచ్చి పోయినా వెంటనే అందుకుంటుంది. నా కోపమంతా పొద్దున పూట మీదే. తెల్లారి కాకులు అరుస్తున్నా, డాబా మీద వెలుగు కనిపిస్తున్నా, ఇది మాత్రం తెర మీద Waiting అని పెట్టుకుని కూర్చుంటుంది. ధనుర్మాసంలో అయితే మరీనూ.

నేను మాట్లాడుతున్నది బ్యాటరీ ఇన్వర్టర్ గురించి కాదు. నెట్ మీటర్‌తో నడిచే మూడు కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్. దాని వెనక 540 వాట్ల ప్యానెళ్లు ఆరు. మా డాబా మధ్యలో మెట్ల గది ఉంది. అందుకని ఇన్‌స్టాల్ చేసినవాళ్లు మూడు ప్యానెళ్లు దానికి ఇటు, మూడు అటు పెట్టారు. అన్నీ దక్షిణం వైపే చూస్తాయి. ఎంపీపీటీలు రెండున్నాయి కదా అని ఒక్కో మూడింటిని ఒక్కో దానికి కలిపేశారు. కాగితం మీద చక్కగానే ఉంది.

వెనక వీధిలో మా బావమరిది ఇంట్లోనూ ఇదే మోడల్, ఇవే ప్యానెళ్లు. వాళ్లకు మెట్ల గది ఒక మూలకు ఉండటంతో ఆరూ ఒకే వరుసలో, ఒకదాని వెనక ఒకటి కలిపిన ఒకే స్ట్రింగ్‌గా వచ్చాయి. వాళ్లది సూర్యుడు పైకి రాకముందే లేచి కూర్చుంటుంది. మాది వేసవిలో పది పదిహేను నిమిషాలు ఆలస్యం, మంచు రోజుల్లో అరగంట పైమాటే. "బావగారూ, మీ వాడు ఇంకా పడుకునే ఉన్నాడా?" అని ఫోన్ చేసి మరీ అడిగేవాడు. ఆ ఎగతాళే లేకపోతే ఇంత లోతుకు వెళ్లేవాణ్ణి కాదేమో.

కంపెనీ పేరు ఎందుకులెండి, సర్వీసు వాళ్లకు చెప్తే మొదట వచ్చిన సలహా ప్యానెళ్లు తుడవమని. తుడిచాను. తేడా లేదు. తర్వాత వచ్చిన కుర్రాడు పదకొండు గంటలకు వచ్చాడు. ఆ వేళకి మిషన్ హాయిగా నడుస్తోంది. తెర చూసి, ఫోటో తీసుకుని, "ఏం లేదు సార్, పర్ఫెక్ట్‌గా ఉంది" అని వెళ్లిపోయాడు. పొద్దున్నే కనిపించి పోయే లోపాన్ని మిట్ట మధ్యాహ్నం వచ్చి చూస్తే ఏం దొరుకుతుంది?

చివరికి సోలార్ పంపుసెట్ల పని చేసే ఒక పెద్దాయన, తెలిసినవాళ్ల ద్వారా, ఇంకా చీకటి ఉండగానే మల్టీమీటర్ పట్టుకుని వచ్చాడు. ఆయన మొదట చూసింది ఇన్వర్టర్‌ని కాదు, దాని స్పెసిఫికేషన్ కాగితాన్ని. అందులో ఎంపీపీటీ రేంజ్ 80 నుంచి 550 వోల్టులు అని ఒక గడి. కొనేటప్పుడు నేను చూసుకున్నదీ అదే. దాని కింద ఇంకో గడి: స్టార్టప్ వోల్టేజీ 120. "ఇది నడుస్తూ ఉన్నప్పుడు ఎనభై దాకా దిగినా ఊరుకుంటుంది సార్. కానీ నిద్ర లేవాలంటే మాత్రం నూట ఇరవై కావాలి" అన్నాడు. ఈ రెండు అంకెలకూ తేడా ఉంటుందని అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు.

ఇక లెక్క. మా ప్యానెల్ ఒక్కోటి నిండు ఎండలో, లోడ్ లేకుండా, 49.5 వోల్టులు ఇస్తుంది. మూడు కలిపితే 148 దాకా. నూట ఇరవైకి బోలెడు మిగులు ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ తెల్లవారుజామున వెలుగు నిండు ఎండలో నూరో వంతు కూడా ఉండదు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. వెలుగు తగ్గినంతగా వోల్టేజీ తగ్గదు. వెలుగు పదో వంతుకు పడితే ఒక ప్యానెల్‌లో పోయేది నాలుగున్నర వోల్టుల దాకానే. నూరో వంతుకు పడితే తొమ్మిది. అంటే ఆ వేళ ప్యానెల్‌కి 40.5, మూడింటికి 121. సరిగ్గా గడప మీద. బావమరిది ఇంట్లో అదే వెలుగుకి ఆరు ప్యానెళ్లు 243 ఇస్తున్నాయి. ఆయన ఇన్వర్టర్‌కి నూట ఇరవై అనేది అడ్డే కాదు.

ప్యానెళ్లు తుడవడం ఎందుకు పనికిరాలేదో కూడా ఇందులోనే ఉంది. దుమ్ము పది శాతం వెలుగును ఆపినా వోల్టేజీలో పోయేది ప్యానెల్‌కి పావు వోల్టు కూడా కాదు. దుమ్ము తినేది కరెంటుని. చలి అయితే ఇంకో తమాషా: చల్లగా ఉంటే వోల్టేజీ కొద్దిగా పెరుగుతుంది. ఆ లెక్కన జనవరిలో మాది ఇంకా తొందరగా లేవాలి. లేవకపోవడానికి కారణం పొగమంచు. చలి ఇచ్చే ఒకటి రెండు వోల్టుల్ని మంచు మింగేసి, ఆ నూరో వంతు వెలుగునే చాలాసేపు సాగదీస్తుంది. పైగా మా తూర్పు పక్కన మూడంతస్తుల ఇల్లు ఉంది. తొలి వెలుగులో సగం ఆకాశం దాని వెనకే.

ఆ పెద్దాయన మీటర్ పెట్టినప్పుడు ఒక స్ట్రింగ్ 117, ఇంకోటి 114. తెర మీద Vpv1, Vpv2 దగ్గర కూడా అవే కాస్త అటూ ఇటూగా ఉన్నాయి. కాసేపటికి మొదటిది 121 దాటింది. లోపల టక్ మని రిలే చప్పుడు, తెర మీద అరవై సెకన్ల లెక్క మొదలు. నేను సంబరపడేలోపే అంకె ఒక్కసారిగా డెబ్భై ఎనిమిదికి జారింది, మళ్లీ Waiting. మళ్లీ మెల్లగా 121, మళ్లీ టక్, మళ్లీ జారుడు. ఇన్నాళ్లూ గోడ వెనక వినిపించే ఆ టకటక ఇదేనని అప్పుడు తెలిసింది.

ఎందుకలా జారిందంటే, 121 అనేది ఏ పనీ చెప్పనప్పటి వోల్టేజీ. ఆ వెలుగులో మూడు ప్యానెళ్లూ కలిసి ఇవ్వగలిగింది పదహారు వాట్లకు మించదు. ఇన్వర్టర్ తన బోర్డూ రిలేలూ నడుపుకోవడానికే దాదాపు అంత అడుగుతుంది. పెళ్లి పందిట్లో ఒక్క పాల ప్యాకెట్‌తో అందరికీ కాఫీ పెట్టబోయినట్టు. అడిగిన మరుక్షణం వోల్టేజీ కూలుతుంది, ఎనభై కిందికి పోగానే ఆగిపోతుంది, లోడ్ పోగానే వోల్టేజీ మళ్లీ లేస్తుంది. పైగా ప్రతి ఓటమి తర్వాత కాసేపు ఆగి, గ్రిడ్‌ని మొదటి నుంచీ సరిచూసుకుంటుంది. ఆలస్యంలో కొంత భాగం ఈ కాసేపులే.

ఇదే జబ్బు అని గుర్తుపట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పొద్దున్నే తెర వెలిగి, వోల్టేజీ గడప కింద ఉండి, వెలుగుతో పాటు పెరిగి, ఒకట్రెండు సార్లు తడబడి తనంతట తనే మొదలైతే ఇదే. వోల్టేజీ నిండుగా ఉండి ఇన్సులేషన్ లోపం అని చూపిస్తే కనెక్టర్లలోకో వైర్లలోకో తేమ దిగి ఉండొచ్చు, ఎండకు ఆరాక పోతుంది. రోజూ అలాగే వస్తే చూపించుకోవాలి. ఒక స్ట్రింగ్ సున్నా చూపిస్తే ఫ్యూజో కనెక్టరో పోయినట్టు. తెర అసలు వెలగకపోయినా కంగారు పడక్కర్లేదు, చాలా మోడళ్లలో ఆ తెరకి కరెంటు ప్యానెళ్ల నుంచే రావాలి. మల్టీమీటర్ పని మాత్రం తెలిసినవాళ్లకే వదిలేయండి. డీసీ ఆర్క్ ఏసీలా తొందరగా ఆరదు.

మెనూలో పాస్‌వర్డ్ పెట్టి స్టార్టప్ వోల్టేజీని నూరుకు తగ్గించవచ్చని, కానీ అది దండగని ఆయనే చెప్పాడు. ఇంకా ముందే లేచి, ఇంకా ఎక్కువ సార్లు పడుతుంది, రిలే అరుగుతుంది. అసలు మందు ఆరు ప్యానెళ్లనూ ఒకే స్ట్రింగ్ చేయడం. డీసీ ఐసొలేటర్ ఆపి, ఇన్‌స్టాల్ చేసినవాళ్లతోనే మార్పించాం, వారంటీ పేచీ రాకుండా. నిండు ఎండలో 297, బాగా చలి పొద్దున మూడొందల పైచిలుకు. పై హద్దు 550కి చాలా దూరం.

మార్చాక మాదీ బావమరిదితో పాటే లేస్తోంది. టకటక పోయింది. ఇక్కడ నాకు కాస్త నీరుగారిన విషయం: లేచినంత మాత్రాన పని చేయడం లేదు. మొదటి పది నిమిషాలు తెర మీద సున్నా వాట్లే. ఆ అరగంట ఆలస్యం వల్ల నేను నిజంగా పోగొట్టుకున్నదెంతో లెక్క వేస్తే, ఆ వేళ ఆరు ప్యానెళ్లకీ కలిపి అరవై డెబ్భై వాట్లు మించవు. నెలకి ఒక యూనిట్. మంచు నెలల్లో రెండు మూడు. బిల్లులో కనిపించేది కాదు. ఇన్నాళ్లు నేను పడిన టెన్షన్‌కి ధర కడితే ఆ యూనిట్లకన్నా ఎక్కువే అవుతుంది.

సాయంత్రం మాత్రం కొంచెం మూల్యం చెల్లిస్తున్నాను. మూడు దాటాక మెట్ల గది నీడ రెండు ప్యానెళ్ల మీద పడుతుంది. ఇదివరకు ఆ నీడ ఒక స్ట్రింగ్‌తో సరిపెట్టుకునేది, రెండోది తన పని తాను చూసుకునేది. ఇప్పుడు అందరూ ఒకే తాడు మీద ఉన్నారు. బైపాస్ డయోడ్లు నీడపడ్డ ప్యానెళ్లను దాటవేస్తాయి, మిగతా నాలుగూ 160 దగ్గర నడుస్తాయి, కానీ ఇన్వర్టర్ ఆ చోటుని వెతుక్కోవాలి. సెట్టింగుల్లో నీడ కోసం స్కాన్ చేసే ఆప్షన్ ఆన్ చేయించాక పర్వాలేదు. దీన్నంతా కలిపి చూస్తే నెల మొత్తం యూనిట్లు దాదాపు ఇదివరకటంతే.

మరి కొనొచ్చా అంటే, ఆరు ప్యానెళ్లు ఒకే వైపు చూస్తూ, నీడ లేకుండా, ఒకే వరుసలో పెట్టే చోటుంటే నిరభ్యంతరంగా కొనొచ్చు. అయితే ఆ రెండో ఎంపీపీటీ కోసం అదనంగా డబ్బు పెట్టకండి. తూర్పు, పడమరలకు మూడేసి పెట్టక తప్పని ఇళ్లకైతే స్టార్టప్ వోల్టేజీ ఇంతకన్నా తక్కువున్న మోడల్ చూసుకోవడం మంచిది, లేదా పొద్దున అరగంటని పట్టించుకోకుండా ఉండగలగాలి. మా ఆవిడ మొదటి నుంచీ అలాగే ఉంది. నేను మాత్రం డిసెంబరులో ఇంకోసారి చూసి గానీ స్టార్లు మార్చను. ప్రస్తుతానికి అయిదుకి మూడున్నర.